హెడ్‌లైన్ మార్చి మార్చి చూశా: తొమ్మిది వారాల లెక్క ఇదీ, ఎక్కడ పొరబడ్డానో చెప్పండి

కిరణ్_టెస్టింగ్

అందరికీ నమస్తే. ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, చివరి నాలుగేళ్లు పూర్తిగా ఆటోమేషనే. కానీ ఆఫర్ లెటర్‌లో నా హోదా అసోసియేట్ కన్సల్టెంట్. లింక్డ్‌ఇన్‌లో హెడ్‌లైన్ మనం ముట్టుకోకపోతే హోదా, కంపెనీ పేరు కలిపి అదే పెట్టేస్తుంది కదా, నాదీ అలాగే పడి ఉంది. నేను చేసే పనేంటో ఆ మాటలు చూసి మా ఇంట్లోవాళ్లే చెప్పలేరు, ఇక రిక్రూటర్ ఏం చెప్తాడు!

అందుకని మూడు హెడ్‌లైన్లు, ఒక్కోటి మూడు వారాల చొప్పున పెట్టి చూశాను.

```
1: Associate Consultant at (company)
2: Helping teams ship software they can trust
3: QA Automation Engineer | Selenium, Java, API Testing
```

వారం వారం సెర్చ్ అప్పియరెన్సెస్ ఇలా వచ్చాయి.

ఒకటోది: 34, 29, 31. రిక్రూటర్ మెసేజ్ 1.
రెండోది: 27, 36, 30. మెసేజ్ 1.
మూడోది: 58, 66, 61. మెసేజ్‌లు 6.

దాదాపు రెట్టింపు. మూడోదే గెలిచిందని తేల్చేసి దాన్నే ఉంచేయొచ్చా? లేక నాకు కనపడనిది ఇంకేమన్నా ఉందా?

వేణు77

ఇందులో అడగడానికేముంది తమ్ముడూ, కళ్లముందే ఉందిగా. సెర్చ్ అంటే కీవర్డ్‌లే. హెడ్‌లైన్‌కి 220 అక్షరాలిచ్చారు, నువ్వు వాడింది పావు వంతు. మిగతాదాంట్లో ప్లేరైట్, పైథాన్, జెంకిన్స్, ఎజైల్, మాన్యువల్ టెస్టింగ్, పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ అన్నీ కుక్కెయ్. నాది నిండా ఉంది, వారానికి 190 తగ్గదు.

బ్లాగర్_భాను

మంచి ప్రయోగం. అయితే మూడు వారాలు చాలవు. గూగుల్ మళ్లీ ఇండెక్స్ చేయడానికే కొన్నిసార్లు రోజులు పడుతుంది. సెర్చ్ కన్సోల్‌లో ఇంప్రెషన్లు, క్లిక్‌లు విడివిడిగా చూడండి. టైటిల్ మార్చినప్పుడు యూఆర్ఎల్ మాత్రం మార్చకండి.

కిరణ్_టెస్టింగ్

భాను గారూ, ఇది వ్యాసం హెడ్‌లైన్ కాదండీ, లింక్డ్‌ఇన్‌లో పేరు కింద ఉండే లైను.

బ్లాగర్_భాను

అయ్యో, శీర్షిక చూసి దూకేశాను. కానీ ఇంప్రెషన్లు వేరు, క్లిక్‌లు వేరు అన్న ముక్క మీకూ పనికొస్తుందేమో చూడండి.

లెక్కల_రామం

భాను గారు గుడ్డిగా విసిరినా రాయి తగలాల్సిన చోటే తగిలింది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు కిరణ్ గారికి రెండు ప్రశ్నలు.

ఒకటి, ఏడో వారంలో హెడ్‌లైన్ కాకుండా ఇంకేం మార్చారు? ఆరో వారం దాకా 30 దగ్గర తచ్చాడిన సంఖ్య ఒక్కసారి 58కి ఎగిరింది. మొదటి రెండు హెడ్‌లైన్లకూ ఏమాత్రం తేడా లేదు. ఇలా మెట్టులా లేచిందంటే ఆ రోజుల్లో ప్రొఫైల్‌లో ఇంకేదో జరిగి ఉండొచ్చు.

రెండు, హెడ్‌లైన్ ఏ రోజు మార్చారు? ఆ సంఖ్య పక్కన అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో రాసి ఉంటుంది, గమనించారా?

కిరణ్_టెస్టింగ్

రామం గారూ, దొరికిపోయాను.

ఆరో వారం చివర్లో మా టీమ్‌లో మనుషుల్ని తగ్గిస్తారని పుకారొచ్చింది. కంగారులో ఓపెన్ టు వర్క్ ఆన్ చేశా, రిక్రూటర్లకు మాత్రమే కనపడేట్టు. అందులో ఐదు హోదాలు ఇచ్చా. అదే రాత్రి స్కిల్స్‌లో తొమ్మిది చేర్చా. ఆ రెండు రోజులకే మూడో హెడ్‌లైన్ పెట్టా. నిజం చెప్పాలంటే మీరడిగేదాకా ఇదంతా గుర్తు కూడా లేదు.

రెండోది ఇంకా ఘోరం. నేను గురువారాల్లో మార్చాను. ఇప్పుడు చూస్తే నా పేజీలో లెక్క మంగళవారం నుంచి మంగళవారానికి ఉంది. అంటే మార్చిన ప్రతి వారమూ పాతా కొత్తా కలిసిపోయిన కిచిడీ.

శ్రీలత_నియామకాలు

పదకొండేళ్లుగా రిక్రూటింగ్‌లో ఉన్నాను కాబట్టి అటు వైపు ఏం జరుగుతుందో చెప్తాను.

మాకు డబ్బు కట్టి వాడే టూల్ వేరే ఉంటుంది. అందులో నేను మొదట నింపేది హోదా, ప్రాంతం, స్కిల్స్, అనుభవం. ఆ హోదా ఫిల్టర్ చూసేది మీ ఎక్స్‌పీరియన్స్ సెక్షన్‌లో రాసిన హోదాని, హెడ్‌లైన్‌ని కాదు. కీవర్డ్ బాక్స్ మాత్రం ప్రొఫైల్ మొత్తాన్ని వెతుకుతుంది. మీలాంటివాళ్ల కోసం నేను కొట్టేది దాదాపు ఇలా ఉంటుంది.

```
("QA Automation" OR "SDET" OR "Test Automation") AND Selenium
```

కొటేషన్లలో పెట్టానంటే ఆ మాటలు ఆ వరసలోనే ఉండాలి. ఎవరైనా Automation QA అని తిప్పి రాసుకుని, ఇంకెక్కడా ఈ మూడింట్లో ఒక్కటీ రాయకపోతే నాకు కనపడరు. మనిషి మంచివాడే అయ్యుండొచ్చు, నా తెరమీదకి రాడు అంతే.

ఓపెన్ టు వర్క్ పెట్టినవాళ్లను విడిగా చూసుకునే వీలు కూడా ఆ టూల్‌లో ఉంది. సాయంత్రంలోగా పది పేర్లు ఇవ్వాలంటే నేను మొదలుపెట్టేదే అక్కడి నుంచి. కాబట్టి మీ 58లో ఆ బటన్ వాటా ఎంత, తొమ్మిది స్కిల్స్ వాటా ఎంత, హెడ్‌లైన్ వాటా ఎంత అంటే ఈ లెక్కతో నేనూ చెప్పలేను, మీరూ చెప్పలేరు.

వేణు గారికి ఒక మాట. మీ 220 అక్షరాలూ నాకు కనపడవు. జాబితాలో నేను చూసేది ఫొటో, పేరు, హెడ్‌లైన్‌లో మొదటి కొన్ని మాటలు, కింద ప్రస్తుత ఉద్యోగం. ఒక్కో మనిషి మీద కన్ను ఆగేది రెండు మూడు సెకన్లు. మొదట్లో మీ పనేంటో లేకపోతే చివర్లో జెంకిన్స్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

వేణు77

మరి నాకొచ్చే 190 ఏంటి మేడమ్? ఊరికే వస్తుందా?

లెక్కల_రామం

వేణు గారూ, మీరు రోజూ పోస్టుల కింద కామెంట్లు పెడతారా? ఆ పేజీ తెరిచి లోపల చూడండి. నా ఖాతాలో అయితే పోస్టుల్లో, కామెంట్లలో, సెర్చ్‌లో మన పేరు కనపడ్డవన్నీ కలిపి ఒక పెద్ద సంఖ్య పైన ఉంది, విడివిడి వాటాలు కింద ఉన్నాయి. పై సంఖ్యని సెర్చ్ అనుకుంటే పొరపాటే.

వేణు77

చూశా. సెర్చ్ వాటా 22 శాతం అట. అంటే నలభై చిల్లర. సరే, ఒప్పుకుంటున్నా. కానీ కీవర్డ్‌లు వద్దనడం మాత్రం తప్పే. మేడమ్ కూడా కీవర్డ్‌లతోనే వెతుకుతున్నారుగా.

శ్రీలత_నియామకాలు

వద్దనలేదండీ. స్కిల్స్‌లో, ఎక్స్‌పీరియన్స్‌లో పెట్టండి, అక్కడా వెతుకులాటకు దొరుకుతాయి. హెడ్‌లైన్ ముందు భాగం మాత్రం మనిషి కంటికి వదలండి అంటున్నా.

తిరిగొచ్చిన_సుజాత

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పాప పుట్టాక మూడేళ్లు మానేసి మళ్లీ వెతుకుతున్నాను, నాది అకౌంట్స్. నా హెడ్‌లైన్ ఇది.

```
Actively seeking new opportunities | Immediate joiner
```

నెలన్నరలో వచ్చినవి రెండు మెసేజ్‌లు, రెండూ ఇన్సూరెన్స్ అమ్మమని. కిరణ్ గారిలా నేనూ వారానికొకటి మార్చి చూడాలా?

శ్రీలత_నియామకాలు

సుజాత గారూ, మీకు ప్రయోగం అక్కర్లేదమ్మా. ఆ హెడ్‌లైన్‌లో మీ పని పేరే లేదు. ఉద్యోగం వెతుకుతున్నాను అనే మాట పెట్టి ఏ రిక్రూటరూ వెతకడు. Accountant అని మొదలుపెట్టి, మీరు చేసింది పేయబుల్సో జీఎల్లో అది రాసి, పక్కన మీరు వాడిన సాఫ్ట్‌వేర్ పేరు పెట్టండి. ఉద్యోగం కావాలన్న సంగతి ఓపెన్ టు వర్క్ చెప్తుంది. కొలవాల్సిన అవసరం వచ్చేది రెండూ బాగున్నాయి, ఏది మేలో తెలియట్లేదు అన్నప్పుడు.

లెక్కల_రామం

కిరణ్ గారూ, ఓపిక ఉంటే మళ్లీ చేయండి. ఈసారి రెండే హెడ్‌లైన్లు, ఒకటోది, మూడోది. నాలుగు వారాలు ఇది, నాలుగు వారాలు అది అని వద్దు. ఒక వారం ఇది, ఒక వారం అది, మళ్లీ ఇది. నియామకాలు ఒక నెల జోరుగా ఉంటాయి, ఒక నెల చప్పబడతాయి. వారం మార్చి వారం పెడితే ఆ ఎత్తుపల్లాలు రెండిటికీ ఇంచుమించు సమానంగా తగులుతాయి. ముద్దగా పెడితే జోరు నెల ఎవరికి దక్కితే వాళ్లే గెలిచినట్టు కనపడుతుంది, మీ మొదటి ప్రయోగంలో బటన్ మూడోదానికి దక్కినట్టు.

మంగళవారం అంకె రాసుకున్న వెంటనే హెడ్‌లైన్ మార్చండి. ఎనిమిది వారాలూ స్కిల్స్, ఫొటో, ఓపెన్ టు వర్క్ దేన్నీ ముట్టొద్దు. కామెంట్లు ఇప్పుడు ఎలా పెడుతున్నారో అలాగే, పెంచొద్దు, తగ్గించొద్దు.

శ్రీలత_నియామకాలు

మెసేజ్‌ల విషయంలో ఒక చిక్కుంది. నేను సోమవారం వెతికి ముప్పై పేర్లు దాచుకుంటాను. మెసేజ్‌లు పంపేది గురువారమో, పై వారమో. నెల కిందటి జాబితా తీసి పంపిన రోజులూ ఉన్నాయి. కాబట్టి మెసేజ్ వచ్చిన వారంలో ఉన్న హెడ్‌లైన్‌కే ఆ మెసేజ్ రాసేయకండి. అడగండి. నా ప్రొఫైల్ ఏం వెతికితే దొరికింది అని ఒక్క లైను పంపితే మాలో చాలామంది చెప్తాం. మాకేం కోపం రాదు.

కిరణ్_టెస్టింగ్ (తొమ్మిది వారాల తర్వాత)

మళ్లీ వచ్చాను. చెప్పినట్టే చేశాను, ఒక్కసారి మాత్రం మంగళవారం మర్చిపోయి బుధవారం మార్చాను.

ఒకటోది (అసోసియేట్ కన్సల్టెంట్): 52, 55, 49, 57. మొత్తం 213.
మూడోది (క్యూఏ ఆటోమేషన్): 58, 67, 54, 63. మొత్తం 242.

మెసేజ్‌లు ఒకటోది ఉన్న వారాల్లో 3, మూడోది ఉన్న వారాల్లో 6.

మెసేజ్‌ల్ని లెక్కపెట్టడంతో ఆగకుండా ఒక్కోదానికీ పక్కన గుర్తు పెట్టుకున్నా. నా పేరు తప్ప నా గురించి ఒక్క ముక్కా లేకుండా అందరికీ పంపే రకమైతే సున్నా, నా పనికి సరిపోయే ఉద్యోగమైతే ఒకటి. అలా చూస్తే ఒకటోది ఉన్నప్పుడు వచ్చిన మూడింట్లో పనికొచ్చేది ఒక్కటే. మిగతా రెండూ కన్సల్టెంట్ అన్న మాట చూసి వచ్చినవి: ఒకటి ఈఆర్‌పీ కన్సల్టింగ్, ఇంకోటి ఏకంగా సేల్స్. మూడోది ఉన్నప్పుడు వచ్చిన ఆరింట్లో ఐదు సరైనవే.

తొమ్మిది మందినీ అడిగాను. నలుగురు జవాబిచ్చారు. ఇద్దరు సెలీనియం, ఏపీఐ టెస్టింగ్ అనే స్కిల్స్‌తో వెతికారట. ఒకాయన ఓపెన్ టు వర్క్ వాళ్లలో చూశానన్నాడు. నాలుగో ఆవిడకి గుర్తు లేదట. హెడ్‌లైన్ పేరెత్తినవాళ్లు ఒక్కరూ లేరు!

వేణు77

213 ఎక్కడ, 242 ఎక్కడ. ఇంత గొడవపడి చివరికి తేలింది కీవర్డ్ హెడ్‌లైన్ గెలిచిందనేగా. నేను మొదటిరోజే చెప్పా.

లెక్కల_రామం

తొందరొద్దు వేణు గారూ. ఇలాంటి లెక్కల్లో ఏమీ మార్చకపోయినా సంఖ్య ఊగుతుంది. ఎంత ఊగుతుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే రెండు మొత్తాలూ కలిపి వర్గమూలం తీయండి. 213, 242 కలిపితే 455, వర్గమూలం 21 పైచిలుకు. తేడా 29. ఆ తేడా కనీసం వర్గమూలానికి రెట్టింపు, అంటే 43 దాటితే నేను నమ్మేవాణ్ణి. నిజానికి ఊపు ఇంతకన్నా ఎక్కువే ఉండొచ్చు, ఎందుకంటే ఒకే రిక్రూటర్ ఒకే రోజు పదిసార్లు వెతికినా పదీ లెక్కలోకి రావచ్చు.

నాకు ఇంకోటి బలంగా కనపడుతోంది. పాత హెడ్‌లైనే, అక్షరం మారలేదు. మొదటి విడతలో వారానికి సగటున 31, ఇప్పుడు 53. మధ్యలో మారింది ఓపెన్ టు వర్క్, స్కిల్స్. మనం హెడ్‌లైన్ ఖాతాలో వేసిన రెట్టింపులో పెద్ద భాగం వాటిదే అయ్యుండాలి. నెలలు వేరు కాబట్టి ఇది కూడా రాతిమీద గీత కాదు, కానీ జవాబిచ్చిన నలుగురిలో ముగ్గురి మాటా అటే ఉంది.

శ్రీలత_నియామకాలు

నేను మెసేజ్‌ల వైపు చూస్తాను. భాను గారన్న ఇంప్రెషన్, క్లిక్ ముక్క ఇక్కడే పనికొస్తుంది. స్కిల్స్ వల్ల కిరణ్ గారు రెండు రకాల వారాల్లోనూ నా జాబితాలోకి వస్తారు. వచ్చాక అసోసియేట్ కన్సల్టెంట్ అని కనపడితే నేను తెరవను, సెలీనియం ఎక్కడో పాత ప్రాజెక్టులో ఉందిలే అనుకుని కిందకి జరుపుతాను. క్యూఏ ఆటోమేషన్ ఇంజనీర్ అని ఉంటే తెరుస్తాను. హెడ్‌లైన్ మిమ్మల్ని జాబితాలోకి తేవడం కన్నా జాబితాలో నిలబెట్టడానికి ఎక్కువ పనికొస్తుంది. సెర్చ్ అప్పియరెన్సెస్‌కి ఆ సంగతి తెలియదు. నేను కిందకి జరిపేసినా మీ లెక్కలో ఒకటి పడుతుంది.

లెక్కల_రామం

మీ మాట సబబుగానే ఉంది, నాకూ అదే అనిపిస్తోంది. కానీ అంకెలు అంతవరకు రాలేదు మేడమ్. పనికొచ్చే మెసేజ్‌లు మొత్తం ఆరు, అందులో ఐదు ఒకవైపు పడ్డాయి. నాణేన్ని ఆరుసార్లు ఎగరేస్తే ఐదుగానీ ఆరుగానీ బొమ్మ పడే అవకాశం 64లో 7. తొమ్మిదిసార్లకి ఒకసారి ఊరికే అలా పడుతుంది. పైగా మీరే అన్నారు, మెసేజ్ ఏ వారం హెడ్‌లైన్ చూసి పంపారో తెలియదని.

శ్రీలత_నియామకాలు

నా కళ్లతో నేను రోజూ చేసే పనికి నాణెం సాక్ష్యం కావాలా రామం గారూ! సరే, మీరు అంకెల మనిషి, నేను జాబితాల మనిషి.

తిరిగొచ్చిన_సుజాత

నా సంగతీ చెప్తాను. శ్రీలత గారన్నట్టు Accountant తో మొదలుపెట్టి మార్చాను. ఏడు వారాల్లో నాలుగు మెసేజ్‌లొచ్చాయి, మూడు అకౌంట్స్‌వే. ఒక ఇంటర్వ్యూ అయింది, ఇంకా కబురు లేదు. నేను ఒకేసారి స్కిల్స్ కూడా మార్చేశాను కాబట్టి రామం గారు తిడతారని తెలుసు.

లెక్కల_రామం

తిట్టను తల్లీ. మీకు కావాల్సింది ఉద్యోగం, కారణం కాదు. అన్నీ ఒకేసారి మార్చడమే మీకు సరైన పని.

వేణు77

అయితే కిరణ్, నీ ఎక్స్‌పీరియన్స్‌లోనే హోదా మార్చేయొచ్చుగా? మేడమ్ ఫిల్టర్ చూసేది దాన్నే అన్నారు. అసోసియేట్ కన్సల్టెంట్ తీసేసి క్యూఏ ఆటోమేషన్ ఇంజనీర్ అని పెట్టు, పీడా పోతుంది.

కిరణ్_టెస్టింగ్

అది నేనూ అనుకున్నా వేణు అన్నా. కానీ రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్‌లో ఒక హోదా, ప్రొఫైల్‌లో ఇంకో హోదా ఉంటే ఏం చెప్పాలి?

శ్రీలత_నియామకాలు

ఇది ఒక్కో కంపెనీ ఒక్కోలా చూస్తుంది. నేను అభ్యర్థులకు చెప్పేది, అసలు హోదా తీసేయకండి, రెండూ రాయండి.

```
Associate Consultant – QA Automation
```

లెటర్‌లో ఉన్నది అలాగే ఉంది, పక్కన చేసే పని ఉంది. రెజ్యూమెలో, అప్లికేషన్ ఫారంలో మాత్రం లెటర్‌లో ఉన్న హోదానే. ఇలా రాసినంత మాత్రాన హోదా ఫిల్టర్‌లో క్యూఏ ఇంజనీర్లతో పాటు వస్తారని మాత్రం మాట ఇవ్వలేను. కొందరు వస్తున్నారు, కొందరు రావట్లేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

కిరణ్_టెస్టింగ్

అయితే తర్వాత పరీక్ష అదే. హెడ్‌లైన్ మూడోదే ఉంచేస్తా, అంకెలు తేల్చకపోయినా ఆ సేల్స్ మెసేజ్ మళ్లీ రాకుంటే చాలు. ఎక్స్‌పీరియన్స్‌లో హోదా ఈ మంగళవారం మారుస్తా, దీన్ని వారం వారం తిప్పను, చూసేవాళ్లకి బాగోదు. ఆ పైన హెడ్‌లైన్‌లో SDET చేర్చి ఒక వారం, తీసేసి ఒక వారం.

ఒకటి చెప్పడం మరిచా. ఇంటర్వ్యూ దాకా వెళ్లింది ఇప్పటికి ఒక్కటే మెసేజ్. అది ఒకటో హెడ్‌లైన్ ఉన్న వారంలో వచ్చింది, మార్చిన మర్నాడు.

లెక్కల_రామం

మార్చిన మర్నాడా? అయితే ఆయన చూసింది మూడోదే అయ్యుండొచ్చు. అడిగారా?

కిరణ్_టెస్టింగ్

గుర్తు లేదని చెప్పింది ఆవిడే.